ఆగిపోయిన పింఛను ఎక్కడ ఆగింది: ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలి కేసు

బ్యాంకులో చెల్లింపుల విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాక, పింఛనుదారుల సంఘం తరఫున ఖాతాల చిక్కులు చూస్తున్నాను. మా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ భాగం ఏదో ఒక కాగితం ఇవ్వకపోవడం వల్లో, ఖాతా నంబరులో ఒక అంకె తప్పుపడటం వల్లో వచ్చినవి. ఈ కేసు అలాంటిది కాదు. ఇందులో రెండు నెలల పింఛను రెండు వేర్వేరు చోట్ల, రెండు వేర్వేరు కారణాలతో ఆగింది. మొదటి కారణం సరిచేస్తే రెండోది దానంతట అదే సర్దుకోదు. ఆ సంగతి తెలియక నెలల తరబడి తిరిగేవాళ్లు ఉన్నారు కాబట్టి దీన్ని వివరంగా రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమె ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెప్పి పదవీ విరమణ చేశారు. రాష్ట్ర ప్రభుత్వ పింఛను, ట్రెజరీ నుంచి నేరుగా బ్యాంకు ఖాతాకు వస్తుంది. ఖాతా భర్తతో కలిపి ఉన్న ఉమ్మడి ఖాతా, ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు నడుపుకొనే షరతుతో తెరిచినది. అందులో మొదటి పేరు ఆమెది, రెండోది ఆయనది.

మార్చిలో భర్త చనిపోయారు. ఏప్రిల్ రెండో వారంలో కూతురు మరణ ధ్రువపత్రం తీసుకుని బ్యాంకుకు వెళ్లి, ఉమ్మడి ఖాతా నుంచి తండ్రి పేరు తొలగించమని దరఖాస్తు ఇచ్చింది. సరైన పనే. కౌంటరులో తీసుకుని ముద్ర వేసి రసీదు ఇచ్చారు.

మే 1న పింఛను పడలేదు.

ఆమె చెప్పిన సమస్య, అప్పటికే చేసిన ప్రయత్నాలు

మా దగ్గరికి వచ్చేసరికి జూన్ మొదటి వారం. రెండో పింఛను కూడా రాలేదు. అప్పటికి ఆమె రెండు పనులు చేసి ఉన్నారు.

మొదటిది, తాను బతికే ఉన్నానని పింఛనుదారు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ మళ్లీ ఇవ్వడం. పింఛను ఆగిందంటే ఎవరికైనా ముందు వచ్చే అనుమానం అదే. తోటి పింఛనుదారులూ అదే చెప్పారు. వేలిముద్ర వేసి జీవన్ ప్రమాణ్ డిజిటల్ పత్రం మరోసారి తీయించుకున్నారు. నంబరు వచ్చింది, డబ్బు రాలేదు. ఇక్కడ ఒక మాట. ఆ నంబరు వచ్చిందంటే పత్రం తయారైందని మాత్రమే అర్థం. పింఛను చెల్లించే కార్యాలయం దాన్ని తన రికార్డులోకి తీసుకుందా, తిరస్కరించిందా అన్నది వేరే విషయం. పింఛను మంజూరు ఉత్తర్వు అయిన పీపీఓ నంబరు తప్పుగా నమోదైనా, చెల్లించే కార్యాలయం పేరు తప్పుగా ఎంచుకున్నా పత్రం తయారవుతుంది, కానీ చేరవలసిన చోటికి చేరదు. ఆమె విషయంలో ఆ సంవత్సరం మొదట్లో ఇచ్చిన పత్రాన్ని ట్రెజరీ స్వీకరించినట్టు ఫోనులో సందేశం ఉంది. ఆ తర్వాత ఏప్రిల్ మొదట్లో పింఛను మామూలుగానే వచ్చింది. అందుకని ఆ అనుమానాన్ని పక్కన పెట్టేశాను.

రెండోది, బ్యాంకుకు ఒక అర్జీ: ‘నా పింఛను రెండు నెలలుగా జమ కావడం లేదు, దయచేసి జమ చేయగలరు.’ బ్యాంకు రాతపూర్వకంగానే బదులిచ్చింది: ‘మీ ఖాతాకు సదరు నెలల్లో పింఛను ఏదీ రాలేదు. ట్రెజరీని సంప్రదించండి.’ ట్రెజరీలో అడిగితే ‘మేం పంపించేశాం, బ్యాంకులో అడగండి’ అన్నారు. ఆమె బాధంతా ఇదే. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని ఆమె నమ్మకం.

అనుభవం మీద చెబుతున్నాను, ఇలాంటప్పుడు ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ఖాతా వివరాల్లో కనిపించేది ఖాతాలోకి ఎక్కిన డబ్బు మాత్రమే. బ్యాంకు దాకా వచ్చి, ఖాతాలోకి ఎక్కకుండానే వెనక్కి వెళ్లిన జమ పాస్‌బుక్‌లో ఎక్కడా కనబడదు. కౌంటరు ఉద్యోగి ఖాతా నంబరు కొట్టి చూసి ‘రాలేదు’ అంటాడు. అతనికి కనబడుతున్నంత మేరకు అది నిజం. ట్రెజరీ గుమాస్తా బిల్లు పాసైందో లేదో చూసి ‘పంపాం’ అంటాడు. అదీ నిజమే. పంపాక ఏమైందన్నది మరో తెరపై ఉంటుంది. ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే తప్ప అతను అక్కడికి వెళ్లడు.

ఎక్కడ మొదలుపెట్టాలి

ముందుగా చివరిసారి పడిన పింఛను ఏ దారిలో వచ్చిందో చూడాలనుకున్నాను. ఏప్రిల్ మొదట్లో పడిన ఆ ఎంట్రీ పక్కన ఉన్న వివరణ చదివించాను. అందులో ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు డబ్బు పంపే పద్ధతి పేరు నెఫ్ట్ అని, ఆ తర్వాత ఒక పొడవాటి నంబరు, పంపిన వారి పేరు చోట ట్రెజరీ పేరు ఉన్నాయి. ఆ నంబరే యూటీఆర్. నెఫ్ట్ అయితే అందులో అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 16 ఉంటాయి. పంపిన ప్రతి చెల్లింపుకూ విడిగా ఒకటి ఉంటుంది.

ఈ ఒక్క ఎంట్రీతో ఒక పెద్ద సందేహం తీరింది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులలో చాలామందికి బ్యాంకే పింఛను లెక్కగట్టి చెల్లిస్తుంది. అందుకు బ్యాంకులో ప్రత్యేక పింఛను కేంద్రం ఉంటుంది. అలాంటి కేసు అయితే సమాధానం మొత్తం బ్యాంకులోనే దొరుకుతుంది. ఈమెకు చెల్లించేది ట్రెజరీ, బ్యాంకు అందుకునేది మాత్రమే. కాబట్టి మొదటి ప్రశ్న ట్రెజరీకే వేయాలి. బ్యాంకును ప్రశ్నించడానికి కావలసిన ఆధారం కూడా అక్కడే దొరుకుతుంది.

ఏ ప్రశ్న వేయాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. ‘మే పింఛను’ అనే మాట గందరగోళం తెచ్చిపెడుతుంది. ఏప్రిల్ నెల పింఛను మే 1న పడుతుంది. ఆమె ‘మే పింఛను రాలేదు’ అంటే ట్రెజరీలో మే నెల బిల్లు తీస్తారు, అంటే జూన్‌లో చెల్లించవలసినది. బ్యాంకులో మాత్రం మేలో పడిన జమలు చూస్తారు. ఇద్దరూ రెండు వేర్వేరు చెల్లింపుల గురించి మాట్లాడుతుంటారు. అందుకని ఒక కాగితంపై ఇలా రాయించాను: ‘ఏప్రిల్ నెలకు, మే 1న చెల్లించవలసిన పింఛను. బిల్లు పాసైందా? ఏ తేదీన, ఎంత మొత్తం, ఏ ఖాతా నంబరుకు, ఏ ఐఎఫ్‌ఎస్‌సీతో పంపారు? చెల్లింపు నంబరు ఏమిటి? ప్రస్తుత స్థితి ఏమిటి, తిరిగివచ్చి ఉంటే కారణం ఏమిటి?’ కింద మే నెలకు ఇవే ప్రశ్నలు మళ్లీ విడిగా.

రెండు నెలలకూ కలిపి ఒకే ప్రశ్న వేయవచ్చు కదా అని ఆమె అడిగారు. వరుసగా రెండు నెలలు రాకపోతే కారణం ఒకటే అనుకోవడం సహజం. కానీ ఒక చెల్లింపు విఫలమైతే ఆ తర్వాతి చెల్లింపుపై ట్రెజరీ వేరే నిర్ణయం తీసుకునే అవకాశం ఉంటుంది. విడివిడిగా అడగడానికి ఖర్చేమీ లేదు, కలిపి అడిగితే మొదటి నెల జవాబు రెండో నెలకూ అంటగట్టేస్తారు.

ఆమె తానే వెళ్లారు. నేను తోడు వస్తానన్నా, ‘ప్రశ్న అర్థమయ్యాక అడగడం కష్టమేమీ కాదండీ, నేనే వెళతాను’ అన్నారు.

ట్రెజరీలో దొరికినది

గుమాస్తా ఆ కాగితం చూసి, చెల్లింపుల స్థితి చూపించే తెర తెరిచి వివరాలు రాసిచ్చాడు. ఏప్రిల్ నెల పింఛను సమయానికే వెళ్లింది. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ రెండూ సరైనవే. కానీ సొమ్ము తిరిగొచ్చింది. కారణం అన్న గడిలో ‘ఖాతాదారు మరణించారు’ అని ఉంది.

మే నెలది అసలు పంపనే లేదు. పింఛనుదారు చనిపోయినట్టు బ్యాంకు నుంచి వచ్చిన సమాచారం చూసి ట్రెజరీ ఆపివేసింది. వాళ్ల వైపు నుంచి అది సరైన పనే. చనిపోయిన వారి ఖాతాలో పింఛను జమ అవుతూ పోతే తర్వాత దాన్ని రాబట్టడం వారసులకూ కార్యాలయానికీ ఇద్దరికీ చిక్కే.

ఆ గడి చదివినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదని తర్వాత చెప్పారు. భర్త పోయిన రెండు నెలలకే తన పేరు పక్కన ఆ మాట చూడవలసి రావడం చిన్న విషయం కాదు. కానీ కేసుకు తాళంచెవి ఆ మాటే.

బ్యాంకులో జరిగినది

ఇక్కడి నుంచి కారణం ఊహించడం తేలికే. బ్యాంకు రికార్డులో ఖాతా నంబరు వేరు, ఖాతాదారు గుర్తింపు సంఖ్య వేరు. ఉమ్మడి ఖాతాలో ఒకే ఖాతా నంబరుకు ఇద్దరు ఖాతాదారుల గుర్తింపు సంఖ్యలు కలిసి ఉంటాయి. భర్త మరణం నమోదు చేయాలంటే ఆయన గుర్తింపు సంఖ్య తీసి అందులో గుర్తు పెట్టాలి, తర్వాత ఖాతా నుంచి ఆ పేరు తొలగించాలి. కానీ ఖాతా నంబరుతో వెతికితే ముందుగా తెరుచుకునేది మొదటి పేరు ఉన్నవారి రికార్డు. మరణం గుర్తు అక్కడ, అంటే ఆమె రికార్డులో పడింది. దాంతో బయటి నుంచి ఆ ఖాతాకు వచ్చే జమలన్నీ తిరిగిపోవడం మొదలైంది.

అయితే ఊహతో బ్యాంకుకు వెళ్లకూడదు. ఎందుకంటే ఆ బ్రాంచి మేనేజరు అప్పటికే ఒక బలమైన వాదన వినిపించి ఉన్నారు: ‘ఖాతా బాగానే ఉంది. జూన్‌లో వడ్డీ కూడా పడింది చూడండి.’ నిజంగానే పడింది. చూసేవారికి అది ఖాతా పనిచేస్తోందనడానికి రుజువులా కనిపిస్తుంది. కానీ వడ్డీ బ్యాంకు సొంత కంప్యూటర్ లోపలే లెక్కగట్టి వేసుకునేది. బయటి జమకు జరిగే తనిఖీ దానికి జరగదు. మరోవైపు ఆమె ఏటీఎం కార్డు మే నుంచీ పనిచేయడం లేదు. కార్డు గడువు తీరిపోయి ఉంటుందని ఆమె పట్టించుకోలేదు. కార్డు వెనక్కి తిప్పి చూస్తే గడువు ఇంకా రెండేళ్లు ఉంది. వడ్డీ కంటే ఈ కార్డే నమ్మదగిన సాక్ష్యం.

అర్జీ కొత్తగా రాశాం. ఈసారి ‘పింఛను రాలేదు’ అన్న మాటే లేదు. ట్రెజరీ ఇచ్చిన యూటీఆర్ నంబరు, తేదీ, మొత్తం రాసి, ‘ఈ నంబరుతో మీ బ్యాంకుకు వచ్చిన సొమ్మును మీరు తిప్పి పంపారా? ఏ కారణం చూపారు? ఆ కారణానికి మీ రికార్డులో ఆధారం ఏమిటి?’ అని అడిగాం. ఖాతా నంబరుతో వెతికితే ఈ చెల్లింపు దొరకదని, వచ్చిన నెఫ్ట్ సందేశాలలో యూటీఆర్‌తో వెతకాలని కూడా అందులోనే రాశాం. మామూలుగా కౌంటరులో ఈ వెతుకులాట అవసరం పడదు కాబట్టి, చెప్పకపోతే మళ్లీ ఖాతా వివరాలే ముద్రించి ఇస్తారు.

జవాబు త్వరగానే వచ్చింది. తిప్పి పంపినది తామేనని, ఖాతాదారు రికార్డులో మరణం నమోదై ఉందని ఒప్పుకున్నారు. కూతురు ఇచ్చిన దరఖాస్తు, దానికి జత చేసిన మరణ ధ్రువపత్రం బయటికి తీస్తే అందులో భర్త పేరే ఉంది. ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

గుర్తు తొలగించడానికి మాత్రం ఆలస్యమైంది. మరణం గుర్తు పెట్టడం బ్రాంచిలో జరిగిపోతుంది, తీయడానికి పై కార్యాలయం ఆమోదం కావాలన్నారు. ఆమె స్వయంగా హాజరై, ఆధార్, పాన్, కొత్త ఫొటోతో కేవైసీ పత్రాలు మళ్లీ ఇచ్చారు.

సరైందో లేదో ఎలా తెలుస్తుంది

ఒక రోజు బ్రాంచి నుంచి ఫోను వచ్చింది, ‘అంతా సరిచేశాం, ట్రెజరీకి చెప్పుకోండి’ అని. ఆమె వెంటనే ట్రెజరీకి బయలుదేరబోతే ఆపాను. బ్యాంకులో పని సగమే జరిగి ఉండి, ట్రెజరీ మళ్లీ పంపితే, అది మళ్లీ తిరిగిపోతుంది. రెండోసారి తిరిగిపోతే ‘మరణించారు’ అన్న కారణం రెండుసార్లు నమోదవుతుంది, ట్రెజరీ వారికి అనుమానం బలపడుతుంది.

కాబట్టి పరీక్షించాం. కూతురు వేరే బ్యాంకులో ఉన్న తన ఖాతా నుంచి నెఫ్ట్ ద్వారా 1 రూపాయి పంపింది. కౌంటరులో నగదు కట్టి చూడవచ్చు కదా అని బ్రాంచిలో అన్నారు. కౌంటరులో కట్టే నగదును ఉద్యోగి చేతితో ఎక్కిస్తాడు. మనకు కావలసింది బయటి బ్యాంకు నుంచి, మనిషి చెయ్యి పడకుండా వచ్చే జమ లోపలికి వెళుతుందా అన్న సమాధానం. పింఛను వచ్చే దారి నెఫ్ట్, పరీక్షా అదే దారిలో చేయాలి. నెఫ్ట్ ఇప్పుడు రోజంతా అరగంటకోసారి నడుస్తుంది కాబట్టి ఫలితం కోసం పెద్దగా ఆగనక్కరలేదు.

మొదటి రూపాయి తిరిగొచ్చింది. ఖాతాదారు రికార్డులో గుర్తు తీసేశారు కానీ, దాని వల్ల ఖాతా మీద పడిన నిలుపుదల అలాగే ఉండిపోయింది. రెండూ వేర్వేరు గడులు. తిరిగొచ్చిన సందేశం చూపించగానే బ్రాంచిలో దాన్నీ తొలగించారు. మరోసారి పంపిన రూపాయి జమ అయింది. ఆమె ఏటీఎం కార్డూ పనిచేయడం మొదలైంది.

మళ్లీ ట్రెజరీకి

బ్యాంకు నుంచి ఒక లేఖ తీసుకున్నాం. అందులో మూడు విషయాలు ఉండేలా చూశాం: ఖాతాదారు జీవించి ఉన్నారు, ఫలానా యూటీఆర్ తిప్పి పంపడం బ్యాంకు పొరపాటు వల్ల జరిగింది, ఖాతా ఇప్పుడు జమలు స్వీకరిస్తోంది. లైఫ్ సర్టిఫికెట్‌కు అసలు పని ఇప్పుడు పడింది. ఈసారి డిజిటల్ పత్రంతో ఊరుకోకుండా ఆమె స్వయంగా ట్రెజరీ అధికారి ముందు హాజరయ్యారు. మరణించినట్టు నమోదైన మనిషి ఎదురుగా నిలబడితే సందేహానికి చోటుండదు.

అర్జీలు రెండు ఇచ్చాం. నిలిపివేసిన పింఛను తిరిగి ప్రారంభించమని ఒకటి, తిరిగొచ్చిన ఏప్రిల్ పింఛనును మళ్లీ పంపమని మరొకటి. తిరిగొచ్చిన సొమ్ము తాత్కాలిక పద్దులో ఉంటుంది, దాన్ని మళ్లీ పంపడం నెలవారీ బిల్లుతో సంబంధం లేని వేరే పని. నిలిపివేత ఎత్తేస్తే ఆ నెల నుంచి పింఛను వస్తుంది, ఆపి ఉంచినది బకాయిగా చేరుతుంది. తిరిగొచ్చినది మాత్రం ఎవరూ అడగకపోతే ఆ పద్దులోనే ఉండిపోతుంది.

అలాగే జరిగింది. ఆ తర్వాతి ఒకటో తారీఖున ఒక పెద్ద మొత్తం పడింది. బ్రాంచిలో ‘మీ బకాయిలన్నీ వచ్చేశాయి’ అన్నారు. ఆమె కూర్చుని భాగించి చూశారు. మే, జూన్ నెలల పింఛను మాత్రమే సరిపోయింది, ఏప్రిల్‌ది లేదు. రెండో అర్జీ నకలు పట్టుకుని ట్రెజరీకి తానే వెళ్లి, పాత యూటీఆర్ నంబరు చూపి అడిగారు. మళ్లీ పంపవలసిన వాటి జాబితాలో తన పేరు చేరేదాకా అక్కడి నుంచి కదల్లేదు. కొన్ని వారాలకు ఆ సొమ్ము కొత్త యూటీఆర్‌తో విడిగా జమ అయింది.

పరిహారం సంగతి

ఈ ఆలస్యానికి వడ్డీ అడగవచ్చా అని ఆమె అడిగారు. బ్యాంకే ప్రభుత్వం తరఫున పింఛను చెల్లిస్తూ ఆలస్యం చేస్తే ఏడాదికి 8 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆమెకు చెల్లించేది ట్రెజరీ కాబట్టి అది ఇక్కడ వర్తించదు. నెఫ్ట్ ఆలస్యానికి రెపో రేటుపై 2 శాతం కలిపి ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది. కానీ బ్యాంకు సొమ్మును అట్టిపెట్టుకోలేదు, వెంటనే తిప్పి పంపింది. మిగిలినది సేవాలోపం మీద ఫిర్యాదు. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా cms.rbi.org.in ద్వారా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. అయితే అక్కడ విచారణకు వచ్చేది బ్యాంకు వైపు తప్పు మాత్రమే. ట్రెజరీలో జరిగిన ఆలస్యం ఆ పరిధిలోకి రాదు. ఆమె బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చారు. రాతపూర్వక క్షమాపణ వచ్చాక అంతటితో ఆపడం ఆమె నిర్ణయం. నేనైతే ముందుకు వెళ్లేవాణ్ని, కానీ భర్త మరణపత్రం ఇంకో కార్యాలయంలో చూపించే ఓపిక తనకు లేదన్నారు.

ఈ కేసు తర్వాత మా దగ్గరి పద్ధతిలో ఒక మార్పు చేశాం. పింఛను పడే ఉమ్మడి ఖాతా నుంచి చనిపోయిన భాగస్వామి పేరు తీయించడానికి ఎవరు వెళుతున్నా, దరఖాస్తులో చనిపోయినవారి ఖాతాదారు గుర్తింపు సంఖ్య, బతికున్నవారి గుర్తింపు సంఖ్య రెండూ విడివిడిగా రాయిస్తున్నాం. ఏది ఎవరిదో పాస్‌బుక్ మొదటి పేజీలో లేకపోతే కౌంటరులో చెబుతారు. పేరు తొలగించినట్టు బ్యాంకు చెప్పిన మర్నాడే వేరే బ్యాంకు నుంచి నెఫ్ట్‌లో 1 రూపాయి పంపించి చూస్తున్నాం. ఒకటో తారీఖుకు ముందే తేడా తెలిస్తే, అది ట్రెజరీ దాకా పోకుండా బ్రాంచిలోనే సరిపోతుంది.

ఆమె ఇప్పుడు ఒక నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీసి నెలనెలా నింపుతున్నారు: ఏ నెల పింఛను, జమ అయిన తేదీ, మొత్తం, యూటీఆర్. సంఘంలో కొత్తగా ఎవరైనా ‘పింఛను పడలేదు’ అని వస్తే, వారి పాస్‌బుక్ తీసుకుని చివరి జమ పక్కన ఉన్న వివరణ ముందుగా చదివేది ఆమే.